నాన్నగారి చేత చెప్పించకండి, తూకం వేయించండి

ప్రశ్న: మాది ఒక చిన్న పట్టణం. రామాలయం వీధిలో నాన్నగారికి ఇరవై ఆరేళ్లుగా కిరాణా కొట్టు ఉంది. ఫోను చేస్తే సరుకులు ఇంటికి పంపే ఏర్పాటు మొదలుపెడదామని నేనూ తమ్ముడూ అనుకున్నాం. వీధిలో వాళ్లకు వాట్సాప్‌లో పంపడానికి ఒక వీడియో ప్రకటన రాశాను. మాకు ఎడిటింగ్ రాదు కాబట్టి ఒకే షాట్‌లో, మధ్యలో ఆపకుండా తీయాలి. నాన్నగారు కౌంటరు వెనక నిలబడి నిమిషంన్నర మాట్లాడాలి. పదకొండు సార్లు తీశాం. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఆగిపోతున్నారు, లేదా పాఠం అప్పజెప్పినట్టు చెబుతున్నారు. చివరిసారి విసుక్కుని, "ఇన్నేళ్లూ మనుషులే నా కొట్టుకు వచ్చారు. ఇప్పుడు రండి రండి అని నేను బతిమాలాలా?" అన్నారు. రెండు రోజులుగా మాటల్లేవు. ఆయన బదులు తమ్ముడు మాట్లాడితే సరిపోతుందా? లేక ఈ ప్రకటనే వద్దనుకోవాలా?
— ఒక పాఠకురాలు

జవాబు: మీరు జతచేసిన స్క్రిప్టును గడియారం పెట్టుకుని పైకి చదివాను. నేను చదివితేనే నిమిషం నలభై సెకన్లు పట్టింది. అందులో "నాణ్యత", "నమ్మకం", "సరసమైన ధరలు" అన్న మాటలు మూడేసి సార్లు వచ్చాయి. ఇరవై ఆరేళ్లలో మీ నాన్నగారు ఎవరితోనైనా "సరసమైన ధర" అని ఉంటారా? ఆయన నోట్లో లేని మాటలు కాబట్టే ఆగిపోతున్నారు. అది మతిమరుపు కాదు.

స్థానిక కేబుల్ చానెల్‌కు కొన్నేళ్లపాటు కొట్ల ప్రకటనలు తీసినవాణ్ణి. అప్పుడు గమనించిన విషయం ఒకటుంది. కొట్టు యజమానిని కెమెరా ముందు నిలబెట్టి మాట్లాడమంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదు. అదే మనిషికి ఒక గిరాకీని ఎదురుగా పెడితే కెమెరా సంగతే మరిచిపోతాడు. పప్పు డబ్బా మూత తీసే చేతికి తర్వాత ఏం చేయాలో తెలుసు. ఆ చేతి వెంటే మాట వస్తుంది. మధ్యలో ఆపే వీలు లేని షాట్‌కు ఇది మరీ అవసరం. కోత పెట్టగలిగితే తడబాటును తీసేయవచ్చు, మీకు ఆ వీలు లేదు కదా. కాబట్టి తడబడే అవకాశమే లేని పని ఆయనకు ఇవ్వాలి.

బతిమాలడం గురించి ఆయన అన్న మాటను కోపంగా తీసుకోకండి, అది మీ స్క్రిప్టు మీద మంచి విమర్శ. మీరు రాసినదాంట్లో ఆయన జనాన్ని పిలుస్తున్నారు. దాన్ని తిప్పేయండి. ఆయన పనిలో ఉండగా ఫోను మోగుతుంది, గిరాకీ ఆయన్ని పిలుస్తుంది. ఆయన ఎప్పటిలాగే సరుకు కడతారు. మారిందల్లా సంచీ కౌంటరు మీంచి కాకుండా మీ తమ్ముడి సైకిల్ మీద వెళ్లడం. అందులో బతిమాలడానికేముంది?

నేనైతే ఇలా రాస్తాను. మొత్తం ఒక నిమిషం, కాస్త అటూ ఇటూగా.

కెమెరా కొట్టు బయట, మెట్టు కింద. నాన్నగారు కౌంటరు దగ్గర ఏదో సర్దుతున్నారు. మూడో సెకనులో కొట్టు ఫోను మోగుతుంది. ఆయన ఎత్తి స్పీకర్ మీద పెట్టి కౌంటరు మీద ఉంచుతారు.

ఫోనులో ఒక ఆడ గొంతు: "బాబాయ్ గారూ, నేను సుజాతను. అర కిలో కందిపప్పు, పావు కిలో చింతపండు, లీటరు వేరుశనగ నూనె కావాలి."

నాన్నగారు కాగితం మీద రాసుకుంటూ: "అర కిలో కందిపప్పు, పావు కిలో చింతపండు, లీటరు వేరుశనగ నూనె. చింతపండు గింజ తీసిందా అమ్మా, తీయనిదా?"

"తీసిందే పంపండి."

"సరే అమ్మా." ఫోను పెట్టేస్తారు. కెమెరా రెండడుగులు ముందుకు వస్తుంది. ఆయన కాటా మీద కవరు పెట్టి పప్పు పోస్తారు. కాస్త తక్కువైతే మరో గుప్పెడు వేసి, "అర కిలో" అని పైకి అంటారు. ముందే కట్టి ఉంచిన చింతపండు పొట్లం, నూనె ప్యాకెట్, చీటీ అన్నీ సంచీలో వేస్తారు. తమ్ముడు పక్క నుంచి వచ్చి సంచీ అందుకుని ఫ్రేము దాటి వెళతాడు.

నాన్నగారు అప్పుడు కెమెరా వైపు తిరిగి: "ఇలాగే మీరూ ఫోను చేయండి. సరుకు చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి." కౌంటరు కింద నుంచి నంబరు రాసిన బోర్డు తీసి ఎదురుగా పెడతారు.

కెమెరా పట్టుకున్న మీ గొంతు: "రామాలయం వీధి నుంచి రైల్వే గేటు దాకా ఇంటికి పంపిస్తాం. పొద్దున పది లోపు చెబితే మధ్యాహ్నానికి, సాయంత్రం నాలుగు లోపు చెబితే దీపాల వేళకు." తర్వాత నంబరు. బోర్డు అయిదు సెకన్లు కదలకూడదు. చూసేవాళ్లు స్క్రీన్‌షాట్ తీసుకునేది అప్పుడే.

ఇందులో మీ నాన్నగారు గుర్తుపెట్టుకోవలసినవి చివరి రెండు చిన్న వాక్యాలే. మిగతావన్నీ రోజూ అనే మాటలు. రాసుకున్నదాన్ని తిరిగి చదివి వినిపించడం ఇక్కడ చాలా ముఖ్యం. ఫోను ఆర్డరు మీద జనానికి ఉండే మొదటి అనుమానం, తాము చెప్పింది అవతలివాళ్లు సరిగ్గా విన్నారా అనేదే. దానికి ఉపన్యాసం అక్కర్లేదు, తిరిగి చదివితే చాలు. పైగా ఎలా ఆర్డరు చెప్పాలో కూడా ఈ షాట్ గిరాకీకి నేర్పుతుంది. "కాస్త కందిపప్పు పంపండి" అని ఫోను పెట్టేసేవాళ్లు చాలామంది ఉంటారు. పరిమాణం పెట్టి చెప్పడం చూసినవాళ్లు తామూ అలాగే చెబుతారు. ఇక చింతపండు ప్రశ్న ఉంది చూశారా, నా మటుకు ప్రకటన అంతా అదే. గిరాకీ చెప్పడం మరిచిపోయినది అడిగి తెలుసుకునే మనిషి ఆ కొట్లో ఉన్నాడని ఆ ఒక్క ప్రశ్నతో తెలుస్తుంది. దాని బదులు మీ వీధికి బాగా తగిన ప్రశ్న మీ నాన్నగారికి తోచవచ్చు. బియ్యం పాతవా కొత్తవా, బెల్లం అచ్చా పొడా, మినప్పప్పు పొట్టుదా గుండ్లా అని ఆయన రోజూ అడుగుతూనే ఉంటారు. ఏది అడగాలో ఆయన్నే ఎంచుకోనివ్వండి. మాటలు మొదలుపెట్టడానికీ అది మంచి సాకు.

మూడు సరుకులుంటే పప్పు ఒక్కదాన్నే కెమెరా ముందు ఎందుకు తూయాలంటే, తూకానికి తేలిగ్గా ఎనిమిది పది సెకన్లు పోతాయి. మూడూ తూస్తే ప్రకటన కాస్తా సంత అవుతుంది. ఒక్కటీ తూయకపోతే ఇంటికి పంపే సరుకులో తూకం తగ్గుతుందేమోనన్న రెండో అనుమానం అలాగే ఉండిపోతుంది. మధ్యలో కోత లేకపోవడం ఇక్కడే కలిసొస్తుంది. కాటా మీద పోసిన పప్పే సంచీలోకి వెళ్లిందని కళ్లారా కనిపిస్తుంది. ఎడిటింగ్ రాకపోవడాన్ని లోపంగా రాశారు గానీ, ఈ ఒక్కచోట అది లాభమే. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఎలక్ట్రానిక్ కాటా మీద ఎర్రగా వెలిగే అంకెలు వీడియోలో ఒక్కోసారి తెగిపోయినట్టు, మిణుకుమిణుకుమంటూ వస్తాయి. అందుకే "అర కిలో" అని ఆయన చేత పైకి అనిపించమన్నాను. ముందు పది సెకన్లు కాటాను తీసి చూసుకోండి, అంకెలు కనబడకపోతే దాని మీదికి మరీ దగ్గరగా వెళ్లకండి.

ఇక తమ్ముడి సంగతి. మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది నేను రాసినది, నాన్నగారు కొట్లో ఉండి మీ గొంతు షరతులు చెప్పడం. రెండోది, ఆయన ఒక్క మాటా మాట్లాడకుండా పని చేసుకుంటూ ఉంటే మొత్తం మీరే వెనక నుంచి చెప్పడం. ఆయన ససేమిరా అంటే ఇది పనికొస్తుంది, తీయడమూ తేలిక. కానీ ఆ చింతపండు ప్రశ్న పోతుంది, దాంతో సగం బలం పోతుంది. మూడోది, తమ్ముడే కెమెరా ముందు మాట్లాడటం. కుర్రవాడు కాబట్టి ధారాళంగానే చెబుతాడు. అయితే చూసినవాళ్లకు కొట్టు చేతులు మారిందేమో అనిపించే ప్రమాదం ఉంది. పాత గిరాకీ ఫోను చేసి "నాన్నగారు బాగానే ఉన్నారా?" అని అడిగితే ఆశ్చర్యపోకండి. తమ్ముడు తప్పకుండా కనబడాలి, అందులో సందేహం లేదు. రేపు తలుపు కొట్టేది అతనే. మధ్యాహ్నం ఇంట్లో ఒంటరిగా ఉండే ఆడవాళ్లు, పెద్దవాళ్లు తెలిసిన ముఖానికే తలుపు తీస్తారు. సంచీ అందుకునేటప్పుడు అతని ముఖం ఒక్క క్షణం కెమెరా వైపు ఉంటే చాలు, మాట అక్కర్లేదు.

షరతుల దగ్గర మీ ఇంట్లో అసలు చర్చ ఇంకా జరగలేదని ఉత్తరం చూస్తే అనిపించింది. స్క్రిప్టులో "ఎంత దూరమైనా, అరగంటలో" అని రాశారు. మనిషి ఒక్కడు, సైకిల్ ఒకటి. వెళ్లి, చీటీ ప్రకారం సరుకు చూపించి, డబ్బు తీసుకుని రావడానికి ఒక్కో ఇంటికి ఇరవై నిమిషాలు వేసుకోండి. సాయంత్రం ఆరింటికి అయిదు ఫోన్లు వరసగా వస్తే అయిదో ఇంటికి చేరేసరికి దాదాపు గంటన్నర అవుతుంది. అరగంట మాట వీడియోలో ఉండిపోతుంది, వాట్సాప్‌లో ఒకసారి తిరగడం మొదలయ్యాక దాన్ని వెనక్కి తీసుకోలేరు. అందుకే రెండు వేళలు పెట్టాను. పది లోపు వచ్చినవన్నీ కలిపి ఒక తిరుగుడులో, నాలుగు లోపు వచ్చినవి మరో తిరుగుడులో ఇచ్చేయవచ్చు. అప్పటికప్పుడు కావలసినవాళ్లు కొందరు దీనివల్ల మీకు దక్కరు, నిజమే. వాళ్ల కోసం పరుగెత్తితే కౌంటరు దగ్గర నిలబడ్డ గిరాకీ పోతుంది. ఏ గిరాకీని వదులుకోవాలో మీరు ముగ్గురూ కూర్చుని తేల్చుకోవాలి.

తెచ్చినందుకు డబ్బు తీసుకోవాలా అన్నదీ అంతే. ఉచితమంటే ఒక్క అగ్గిపెట్టె కోసం కూడా ఫోను వస్తుంది. తక్కువలో తక్కువ ఇంత కొనాలని పెడితే ఆ బెడద తగ్గుతుంది గానీ, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు దూరమవుతారు. వాళ్లకే ఈ సేవ ఎక్కువ అవసరం. రుసుము పెట్టాలనుకుంటే చీటీ మీద విడిగా రాసి, ఫోనులోనే ముందుగా చెప్పండి. ప్యాకెట్ మీద ముద్రించిన గరిష్ఠ ధరకు మించి ఆ సరుకుకు వసూలు చేయడం చట్టరీత్యా కుదరదు, కాబట్టి దాన్ని సరుకు ధరలో కలపకండి. గుమ్మం దగ్గర తగువులు వచ్చేవీ సరిగ్గా ఇలాంటి పదీ ఇరవై దగ్గరే. ఏది ఎంచుకున్నా ఆ ఒక్క వాక్యాన్ని బోర్డు మీద నంబరు కింద రాయండి, నాన్నగారి నోట పెట్టకండి. ఖాతా ప్రస్తావన ప్రకటనలో అసలు వద్దు. "సరుకు చూసుకున్నాకే డబ్బు" అన్న మాటలో మర్యాద ఉంది, అరువు లేదన్న సూచనా ఉంది. పాత ఖాతాలున్నవాళ్లు ఎలాగూ "రాసుకో బాబాయ్" అంటారు. ఆ మాటకు ఔననడం కాదనడం నాన్నగారి పని. ఎవరికి ఔనన్నారో ముందే తెలియకపోతే తమ్ముడు గుమ్మంలో బిక్కముఖం వేయాల్సి వస్తుంది.

తీసే రోజున కొట్టు వీధి వైపు వెలుతురు పడే వేళ చూసుకోండి. కొట్టు లోపల నిలబడి వీధి వైపు తీస్తే వెనక వెలుగుకు ఆయన ముఖం నల్లగా వస్తుంది. అందుకే కెమెరా బయట పెట్టమన్నాను. తెరమీద ఆయన ముఖాన్ని వేలితో నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో వెలుతురు, ఫోకస్ రెండూ అక్కడే బిగుసుకుంటాయి, మధ్యలో చిత్రం తెల్లబడటం నల్లబడటం ఉండదు. తీసే ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే ముప్పయ్యో సెకనులో మీ పిన్ని ఫోను చేస్తుంది, షాట్ అంతా మళ్లీ మొదటికొస్తుంది. మోగవలసింది కౌంటరు మీది ఫోను ఒక్కటే. దానికి రెండు ఇళ్లవతల నుంచి మీకు తెలిసినవాళ్ల చేత చేయించండి. వాళ్ల నంబరు గానీ నిజం పేరు గానీ తెరమీద కనబడకుండా ఆ ఫోనును బోర్లా పెట్టించండి. నంబరు బోర్డును తీసేది వెనక కెమెరాతోనే. ముందు కెమెరాతో తీస్తే కొన్ని ఫోన్లలో అక్షరాలు అద్దంలోలా తిరగబడతాయి.

చూసేవాళ్లను అన్నిటికన్నా ముందు విసిగించేది శబ్దం. నాలుగడుగుల దూరం దాటితే ఫోను మైకులోకి ఆయన గొంతు కన్నా ఫ్రిజ్ గొంతే ఎక్కువ వస్తుంది. షాట్ తీసే ఆ కాసేపు ఫ్రిజ్, ఫ్యాను ఆపేయండి. ఫ్రిజ్ మళ్లీ వేయడం మరిచిపోకుండా కొట్టు తాళం దాని మీద పెట్టుకోండి, నేను ఒకసారి మరిచిపోయి ఒక పెట్టె పాల ప్యాకెట్లకు డబ్బు కట్టాను. వెనక సినిమా పాట పెట్టవద్దు. హక్కులు వేరేవాళ్లవి, పైగా తూకం వేసేటప్పుడు పప్పు గలగలలాడే చప్పుడు మీకు అంతకన్నా పనికొస్తుంది.

ఈసారి పదకొండు సార్లు తీయకండి. మొదట కెమెరా లేకుండా రెండుసార్లు చేయించండి, ఒకసారి నిజంగా ఫోను మోగించి. పప్పు డబ్బా, గరిటె, కవరు, పొట్లం ఏ చేతికి ఏది అందుతుందో అప్పుడే తేలుతుంది. కవరు నోరు ముందే తెరిచి ఉంచండి, ఇలాంటి షాట్లు ఎక్కువగా తెరుచుకోని కవరు దగ్గరే ఆగిపోతాయి. తర్వాత మూడుసార్లు తీసి ఆపేయండి. నాలుగో సారికి ఆయన నటించడం మొదలుపెడతారు. మూడింటిలో మాట తడబడనిది కాదు, ఆయన కెమెరాను మరిచిపోయినది ఎంచుకోండి. పప్పు గింజలు నాలుగు కౌంటరు మీద చిందినా ఉంచేయండి. నంబరు, వేళలు తప్పు పోయినది మాత్రం ఎంత బాగున్నా పనికిరాదు.

నంబరు చెప్పేటప్పుడు అంకెలను అయిదూ అయిదుగా విడగొట్టి, ఒక్కొక్కటీ విడిగా పలకండి. "డబుల్ ఫోర్" అంటే కాగితం మీద రాసుకునే పెద్దవాళ్లు ఒక నాలుగు వేసి ఊరుకుంటారు. బోర్డు తెల్ల అట్ట మీద నల్ల రంగుతో, కౌంటరంత వెడల్పున రాయండి. చాలామంది వాట్సాప్ వీడియోను శబ్దం లేకుండానే చూస్తారు, వాళ్లకు దిక్కు ఆ బోర్డే.

పంపే ముందు, వీడియోను ఎన్నడూ చూడని మనిషికి చూపించి, అందులో కనబడిన నంబరుకే డయల్ చేయమనండి. నేను తీసిన ఒక బట్టల కొట్టు ప్రకటన వారం రోజులు కేబుల్‌లో తిరిగింది. బోర్డు మీద ఒక్క అంకె తప్పు. రాసిన నేనూ, పట్టుకున్న యజమానీ, చూసి సరే అన్న ఆయన కొడుకూ, ముగ్గురమూ రోజూ చూస్తున్న నంబరు కాబట్టి ఎవరమూ చదవలేదు. వారమంతా పక్క ఊళ్లో ఎవరో టైలర్‌కు పట్టుచీరల గురించి ఫోన్లు వెళ్లాయి. ఆయన ఓపికపరుడు, ఎనిమిదో రోజున కొట్టు అడ్రసు కనుక్కుని మరీ వచ్చి చెప్పాడు.